రెండో అడ్డు

తొమ్మిదో బ్యాచ్ కూడా పోయిందని సోమవారం పొద్దున పదిన్నరకు తేలిపోయింది.

సూర్యకళ ఆ ఫలితం కాగితం పట్టుకుని ల్యాబ్ బయటి వరండాలో కాసేపు నిలబడింది. లీటరుకు నాలుగు వందల మిల్లీగ్రాములు రావలసిన ప్రోటీన్ యాభై దగ్గర ఆగింది. ఏడో బ్యాచ్‌లో యాభై రెండు, ఎనిమిదో దాంట్లో నలభై తొమ్మిది, ఇప్పుడు యాభై. వరసగా మూడు. ఎదురుగా మౌలాలి గుట్ట ఎండకు తెల్లగా మెరుస్తోంది. ఆమె పుట్టి పెరిగింది ఆ గుట్ట కింది రైల్వే క్వార్టర్లలోనే. ఉద్యోగం పర్మినెంట్ కావడానికి ఇంకా రెండు నెలలుంది.

1993 వేసవి అది. నాచారం పారిశ్రామికవాడలో, మందుల ఫ్యాక్టరీలకూ లేత్ షెడ్లకూ మధ్య ఇరుక్కున్న చిన్న కంపెనీ వాళ్లది. రక్తపరీక్ష కిట్లలో వాడే ఒక ప్రోటీన్‌ను బాక్టీరియా చేత చేయించడం దాని పని. ఆ ప్రోటీన్ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంటుంది. ప్లాస్మిడ్ అంటే ఉంగరంలా చుట్టుకున్న చిన్న డీఎన్ఏ ముక్క. దాన్ని మోసే బాక్టీరియాను రెండు వందల లీటర్ల ఫెర్మెంటర్‌లో పెంచుతారు. సరిగ్గా నడిస్తే తెల్లవారే సరికి ట్యాంకు నిండా సరుకు. ఆరు బ్యాచ్‌ల వరకూ సరిగ్గానే నడిచింది. కిట్ల కోసం బ్లడ్‌బ్యాంకుల నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి.

ఉత్పత్తి విభాగం పెద్ద అచ్యుతరావు కాగితం చూసి కళ్లజోడు తీశాడు. తెనాలి వైపు మనిషి. పదిహేనేళ్లు బొంబాయిలో ఇలాంటి పనే చేసి వచ్చాడు. కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు.

"గ్లిసరాల్ పెట్టినా ఇంతేనా?"

"ఇంతే సార్."

తొమ్మిదో బ్యాచ్‌లో గ్లూకోజ్ తీసేసి గ్లిసరాల్ పెట్టించింది ఆయనే. బొంబాయిలో ఆయన చేసిన పనంతా ల్యాక్ ఒపెరాన్ మీద. ఒపెరాన్ అంటే ఒకే మీటకు పలికే జన్యువుల వరస. ల్యాక్ వరస పాలచక్కెరను విరిచి తినడానికి పనికొచ్చేది. చక్కెర లేనప్పుడు రిప్రెసర్ అనే ప్రోటీన్ ఆ వరస మొదట్లో కూర్చుని దారి మూసేస్తుంది. చక్కెర వస్తే దాని నుంచి పుట్టిన పదార్థం రిప్రెసర్‌కు అతుక్కుని దాన్ని అక్కడి నుంచి లేపేస్తుంది. అయితే పక్కన గ్లూకోజ్ ఉన్నంతసేపూ, దారి తెరిచినా పని మందకొడిగానే సాగుతుంది. అందుకే ల్యాక్‌తో పనిచేసేవాళ్లకు గ్లూకోజ్ అంటే భయం.

ఇక్కడున్నది ల్యాక్ కాదు, ట్రిప్; కంపెనీ ప్రోటీన్ జన్యువును తగిలించింది దాని మీటకే. అది తినే వరస కాదు, తయారుచేసే వరస. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని కణం సొంతంగా చేసుకునేది. దాని రిప్రెసర్ ఒంటరిగా కూర్చోలేదు. ట్రిప్టోఫాన్ వచ్చి అతుక్కుంటేనే కూర్చుంటుంది. ల్యాక్‌లో అతుక్కున్నది లేపుతుంది, ఇక్కడ అతుక్కున్నది కూర్చోబెడుతుంది. సరుకు చాలినంత ఉంటే తయారీ ఆగిపోవాలన్నది దాని లెక్క. గ్లూకోజ్‌కు ఇందులో పాత్ర లేదు. ఈ మాట పోయిన వారమే మెల్లగా చెప్పి చూసింది సూర్యకళ. "చూద్దాం, పోయేదేముంది" అన్నాడాయన. పోయింది ఒక బ్యాచ్.

అచ్యుతరావు కళ్లజోడు పెట్టుకుని కాగితంలో ఇంకో అంకె మీద వేలు పెట్టాడు. "కణాలు చూడండి. ఎప్పుడూ లేనంత చిక్కగా పెరిగాయి. సరుకు లేదు. అంటే ఏమిటి?"

ఆయనే జవాబు చెప్పాడు.

"ప్లాస్మిడ్ జారిపోయింది. బరువు దిగిన బాక్టీరియా హాయిగా పెరుగుతుంది, మనకేమీ ఇవ్వదు. ప్లాస్మిడ్ ఎందుకు జారుతుంది? దాన్ని పోగొట్టుకున్నవాటిని చంపే యాంటీబయాటిక్ వేయకపోతే. మూడు బ్యాచ్‌లకూ డ్యూటీలో ఉన్నదెవరు?"

"పోశయ్య... కానీ సార్, రిజిస్టర్‌లో వేసినట్టే ఉంది."

"రిజిస్టర్‌లో రాయడానికి ఎంతసేపమ్మా." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "గురువారం మూడు గంటలకు ఎండీ గారి దగ్గర మీటింగ్. ఆలోపు అతను రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి."

*

పోశయ్యది చెంగిచెర్ల. నలభై అయిదేళ్లుంటాయి. పక్క సందులో పెన్సిలిన్ ట్యాంకుల దగ్గర పదిహేడేళ్లు పనిచేసి, ఈ కంపెనీ తెరిచిన రోజు నుంచి ఇక్కడ ఉన్నాడు. సైకిల్ మీద వస్తాడు. ఫెర్మెంటర్ గాజు కిటికీలోకి ఒకసారి చూసి, బయటికి వచ్చే గాలిని ఒకసారి వాసన పట్టి, లోపల ఏం జరుగుతోందో మీటర్ కంటే ముందు చెప్పగలడు.

సూర్యకళ వెళ్లేసరికి అతను ఖాళీ ట్యాంకు మూత బోల్టులు బిగిస్తున్నాడు. మెమో చొక్కా జేబులో మడిచి ఉంది.

"మందు వేసిన బిడ్డా," అన్నాడు తల తిప్పకుండానే. "మూడు సార్లు వేసిన. నా చేతుల్తోని వేసిన. గిదంతా ఏంది?"

"నేను అనలేదు పోశయ్యన్నా."

"నువ్వు అనలేదు. కాయిదం అన్నది." స్పానర్ కింద పెట్టాడు. "ఇరవై ఏండ్లల్ల ఒక్కసారి మెమో తీసుకోలే. సంజాయిషీ రాయాల్నట. ఏం రాయాలె? చెయ్యని పని చేసిన అని రాయాల్నా, చేసిన పని చేసిన అని మళ్లొకసారి రాయాల్నా?"

ఆమె అడిగింది: "ఈ మూడు బ్యాచ్‌లల్ల నీకేమన్న తేడా కనబడ్డదా?"

పోశయ్య ఆలోచించాడు. "కనబడ్డది. అడిగినోళ్లు లేరు. నురగ మస్తు వస్తున్నది. మునుపు నురగ మందు ఒక్కసారి పోస్తే సరిపోయేది, ఇప్పుడు నాలుగుసార్లు పోస్తున్న. వాసన గూడ మారింది. మునుపు ఉప్పుగ ఉండె. ఇప్పుడు ఉడకబెట్టిన పాల లెక్క వస్తున్నది."

"ట్రిప్టోఫాన్ చుక్కలు?"

"గంటకు ఎన్ని పడాల్నో గన్నే. పంపు నేనే సూస్త. అది మారలే."

ఆ ట్యాంకు పక్కన ఒక చిన్న సీసా వేలాడుతుంది. ఈ బాక్టీరియాకు ట్రిప్టోఫాన్ సొంతంగా చేసుకునే శక్తి లేకుండా చేసి ఇచ్చారు. అందుకని చుక్కచుక్కగా బయటి నుంచే ఇవ్వాలి. కణాలు బతకడానికి చాలీచాలకుండా ఇచ్చే కొలత అది. ఎందుకంత పొదుపుగా ఇవ్వాలో కంపెనీలో ఎవరూ పట్టించుకోలేదు. తయారీ పద్ధతిలో ఉంది కాబట్టి ఇస్తున్నారు, అంతే.

ఆ మధ్యాహ్నమే ఆమె తొమ్మిదో బ్యాచ్ నమూనాను పలచన చేసి యాంటీబయాటిక్ లేని మామూలు పెట్రి పళ్లాల మీద పరిచింది. మంగళవారం పొద్దునకు బాక్టీరియా గుంపులు చుక్కలు చుక్కలుగా మొలిచాయి. వాటిలో నూరింటిని పుల్లతో ఒక్కొక్కటిగా తీసి యాంటీబయాటిక్ ఉన్న పళ్లెం మీద గుచ్చింది. ప్లాస్మిడ్ ఉన్నవే దాని మీద బతుకుతాయి. సాయంత్రం అయిదింటికి లెక్కపెట్టింది. తొంభై ఏడు బతికాయి. ఇంకోసారి లెక్కపెట్టింది. తొంభై ఏడే.

ప్లాస్మిడ్ ఎక్కడికీ పోలేదు. పోశయ్య మందు వేశాడు.

మరి కణాలు అంత చిక్కగా ఎందుకు పెరిగాయి? ఏదో ఎక్కువ తింటున్నాయి. ఉప్పు వాసన పోయింది, పాల వాసన వచ్చింది, నురగ పెరిగింది. ఆమె స్టోర్స్‌కు నడిచింది. ట్యాంకులో వేసే ఆహారంలో ముఖ్యమైనది కేసీన్ హైడ్రోలైసేట్. అంటే పాల ప్రోటీన్‌ను ముక్కలు చేసిన పొడి. పాత డబ్బా ఒకటి అడుగున అయిదు కిలోలతో మూలన పడి ఉంది. దాని పక్కన కొత్త డ్రమ్ములు ఆరు. ఏడో బ్యాచ్ నుంచీ వాడుతున్నవి ఇవే. రెండింటి మీదా పెద్ద అక్షరాలతో కేసీన్ హైడ్రోలైసేట్ అనే ఉంది. ఆమె వంగి చిన్న అక్షరాలు చదివింది. పాతది ఆసిడ్‌తో విరిచినది. కొత్తది ఎంజైముతో విరిచినది.

చదువుకున్న రోజుల్లోని పాఠం ఆమెకు గుర్తొచ్చింది. ఆసిడ్‌లో మరిగించినప్పుడు అమైనో ఆమ్లాలన్నీ నిలుస్తాయి, ఒక్క ట్రిప్టోఫాన్ నాశనమైపోతుంది. ఎంజైముతో విరిస్తే అది చెక్కుచెదరదు. సీసాలోంచి చుక్కలు లెక్కపెట్టి వేస్తున్నారు, కింద డ్రమ్ములు డ్రమ్ములుగా పోస్తున్నారు.

డ్రమ్ముకు కట్టిన కార్డు తిప్పి చూసింది. పాత సరఫరాదారు ఆలస్యం చేశాడని కొనుగోలు విభాగం దీన్ని తెచ్చింది. కింద నాణ్యతా పరీక్ష వివరాలు: నత్రజని సరి, తేమ సరి, కాలిస్తే మిగిలే బూడిద ఆరు శాతం. పాతదాని బూడిద ముప్పై నాలుగు. ఆసిడ్ ఘాటు పోవడానికి క్షారం కలిపినప్పుడు మిగిలే ఉప్పు అదంతా. ఆ తేడా ఎందుకొచ్చిందని అడగాలి. అడగలేదు. బూడిద తక్కువైతే మంచిదే కదా అనుకుని, "పాతదానితో సమానం, వాడవచ్చు" అని రాసి సంతకం పెట్టిన మనిషి చేతిరాత గుండ్రంగా, శుభ్రంగా ఉంది.

అది ఆమె చేతిరాతే.

*

బుధవారం పొద్దున అచ్యుతరావు గదిలో ఆమె పళ్లాల లెక్క చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"సరే, ప్లాస్మిడ్ ఉందనుకుందాం. మరి కారణం?"

"కొత్త హైడ్రోలైసేట్ సార్. దాంట్లో ట్రిప్టోఫాన్ ఉంది. మనది ట్రిప్ ఒపెరాన్ స్విచ్ కదా, ట్రిప్టోఫాన్ ఎక్కువైతే మూసుకుంటుంది."

"దేని ద్వారా మూసుకుంటుంది?"

"రిప్రెసర్ ద్వారా."

ఆయన బీరువాలోంచి ఈ బాక్టీరియా వివరాల ఫైలు తీసి మొదటి పేజీ ఆమె ముందు పెట్టాడు. "చదవండి. ఈ బాక్టీరియాలో రిప్రెసర్ జన్యువే లేదు. తీసేశారు. కూర్చునేవాడే లేనప్పుడు వాడిని కూర్చోబెట్టేది ఎంతుంటే ఏమిటి? దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

అది నిజమే. సూర్యకళ ఆ పేజీ చదివింది. ఆ క్షణంలో తన గుండెలోంచి పెద్ద బరువేదో దిగినట్టయింది. హైడ్రోలైసేట్ కారణం కాకపోతే తన సంతకం ఎవరికీ పట్టదు. రెండు నెలల్లో పర్మినెంట్. నాన్న రిటైరయ్యేలోపు ఇంట్లో రెండో జీతం. మరుక్షణమే, అంత సులువుగా ఊపిరి పీల్చుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

"యాంటీబయాటిక్ ఆలస్యంగా వేసి ఉండొచ్చు," అంటున్నాడు అచ్యుతరావు. "తగ్గించి వేసి ఉండొచ్చు. మీకు జాలి ఉంటే ఉండొచ్చు, కానీ నేను ఎండీ గారికి ఏదో ఒకటి చెప్పాలి."

ఫైలు అడిగి తీసుకుని బయటికొచ్చాక ఆమె చివరి పేజీ తిప్పింది. ఈ బాక్టీరియాను తయారు చేసి ఇచ్చిన శాస్త్రవేత్త సంతకం ఉంది: రత్నకుమారి. ఉప్పల్ రోడ్డులోని పరిశోధన సంస్థలో ఉంటారామె. ఫోన్ చేస్తే పన్నెండింటికి రమ్మన్నారు.

నాచారం చౌరస్తాలో బస్సు ఎంతకీ రాలేదు. వచ్చిన బస్సులో మందుల వాసనా చెమట వాసనా కలిసిపోయి ఉన్నాయి. హబ్సిగూడ దగ్గర దిగి, ఎండలో మిగతా దూరం నడిచింది. వెనక్కి వెళ్లిపోదామని దారిలో రెండుసార్లు అనిపించింది. వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. కానీ పోశయ్య జేబులో మడిచి ఉన్న మెమో కళ్లముందు నుంచి పోలేదు.

రత్నకుమారి యాభై దాటిన మనిషి. తెల్లకోటు మోచేతుల వరకూ మడిచి ఉంది. టీ తెప్పించి, సూర్యకళ చెప్పిందంతా విని, ఒకటే ప్రశ్న వేసింది.

"ఎంత తగ్గింది?"

"నాలుగు వందలు రావాలి మేడం. యాభై వస్తోంది."

"మూడుసార్లూ అంతేనా? సున్నాకు పడిపోలేదుగా?"

"లేదు. ఎనిమిదో వంతు దగ్గర నిలిచిపోతోంది."

ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. "అదే రిప్రెసర్ పని అయితే డెబ్భయ్యో వంతుకు పడిపోయేదమ్మా. నీకు కొలవడానికి కూడా దొరికేది కాదు. ఎనిమిదో వంతు, పదో వంతు అంటే అది వేరేవాడి పని. అటెన్యుయేషన్ చదివావా?"

"పరీక్షకు చదివాను మేడం."

"అందరూ పరీక్షకే చదువుతారు." రత్నకుమారి తెల్లకాగితం లాక్కుని ఒక పొడవాటి గీత గీసింది. "చూడు. ల్యాక్‌లో తలుపు ఒక్కచోటే. రిప్రెసర్ లేచిందా, గ్లూకోజ్ బెడద లేదా, ఇక కాపీ మొదలైతే చివరిదాకా పోతుంది. ట్రిప్‌లో అలా కాదు. రిప్రెసర్ మొదటి అడ్డు. అది దాటి ఆర్ఎన్ఏ కాపీ మొదలయ్యాక, అసలు జన్యువులు ఇంకా రాకముందే, దారిలో రెండో అడ్డు ఉంది."

గీత మొదట్లో రెండు చుక్కలు పెట్టింది.

"ఇక్కడ ఒక చిన్న ముందుభాగం. లీడర్ అంటాం. పద్నాలుగు అమైనో ఆమ్లాల ముక్కకు సరిపడా రాత ఉంటుంది. అందులో పక్కపక్కనే రెండు చోట్ల ట్రిప్టోఫాన్ కావాలని రాసి ఉంటుంది. బాక్టీరియాలో కాపీ ఒకవైపు జరుగుతుండగానే వెనక ప్రోటీన్‌ను అల్లే రైబోజోము దాన్ని చదువుకుంటూ వచ్చేస్తుంది కదా? ట్రిప్టోఫాన్ కరువుగా ఉందనుకో. ఆ రెండింటి దగ్గరకొచ్చి, అందించేవాళ్లు లేక రైబోజోము నిలబడిపోతుంది. అది అక్కడ నిలబడితే ముందున్న ఆర్ఎన్ఏ ఒక రకంగా మడత పడుతుంది, కాపీ సాగిపోతుంది. ట్రిప్టోఫాన్ సమృద్ధిగా ఉందనుకో. రైబోజోము ఆగకుండా దాటేసి లీడర్ చివరిదాకా వచ్చేస్తుంది. అప్పుడు మొదటి మడత పడే చోటు దాని కిందికి పోతుంది. దాంతో ఇంకో మడత పడుతుంది, జడపిన్ను ఆకారంలో. ఆ పిన్ను పడగానే కాపీ చేసే ఎంజైము జారి పడిపోతుంది. పదింటిలో ఏ ఒక్కటో తప్పించుకుని ముందుకు పోతుంది."

"దీనికి రిప్రెసర్ అక్కరలేదు," అంది సూర్యకళ మెల్లగా.

"అక్కరలేదు. నేను రిప్రెసర్‌ను తీసేశాను. లీడర్‌ను మాత్రం కావాలనే ఉంచాను. రెండూ తీసేస్తే మొదటి నిమిషం నుంచీ ప్రోటీన్ చేసి చేసి కణాలు నీరసించిపోతున్నాయి. ఒక్క అడ్డయినా నా చేతిలో ఉండాలి. ఆ అడ్డును నడిపేది మీ సీసాలోని చుక్కలే. మొదట కొంచెం ధారాళంగా, తరవాత కరువుగా. మీ ప్రోటీన్‌లో ట్రిప్టోఫాన్ ఒక్కటి కూడా లేదు కాబట్టి ఆ కరువు దాన్ని ఆపదు. ఇదంతా ఫైలులో పదకొండో పేజీలో రాశాను. ఎవరైనా చదివారా?"

సూర్యకళ తల అడ్డంగా ఊపింది.

"హైడ్రోలైసేట్ మార్చిందెవరు?"

టీ చల్లారిపోయింది. "నేనే ఓకే చేశాను మేడం," అంది.

రత్నకుమారి అల్మరాలోంచి ఒక సీసా తీసి ఇచ్చింది. "గ్లయాక్సిలిక్ ఆసిడ్. దీంతో ఏం చేయాలో తెలుసుగా? ఫ్లాస్కులు కూడా పెట్టుకో. వట్టి మాట చెప్పి నెగ్గలేవు."

*

నాలుగింటికి ఆమె మళ్లీ ల్యాబ్‌లో ఉంది. పాత పొడి ఒక పరీక్షనాళికలో, కొత్త పొడి ఇంకోదాంట్లో కరిగించి, సీసాలోది కలిపింది. తరవాత నాళికను వాల్చి పట్టుకుని గంధకామ్లాన్ని గోడ వెంట నెమ్మదిగా జారవిడిచింది. బరువైన ఆమ్లం అడుగుకు చేరి, రెండు ద్రవాల మధ్య అద్దంలాంటి గీత ఏర్పడింది. ట్రిప్టోఫాన్ ఉంటే ఆ గీత దగ్గర ఊదారంగు వలయం పడాలి.

పాతదాంట్లో ఏమీ లేదు. కొత్తదాంట్లో ముందు పొగలాంటి మసక వచ్చింది. నిమిషం గడిచేసరికి అది చిక్కబడి, నేరేడుపండు రంగులో ఉంగరంలా తిరిగింది.

ఆ నాళికను సింకులో ఒంపేస్తే ఇక ఎవరూ చూడరు. తలుపు దగ్గర ఎవరో ఉన్నట్టనిపించి తలెత్తింది. పోశయ్య. డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సంజాయిషీ రాసిన బిడ్డా. తప్పులున్నయేమో జర సూస్తవా?"

కాగితం తీసుకుని చదివింది. నాలుగు వాక్యాలే. మందు వేశాను, వేసిన టైము రిజిస్టర్‌లో ఉంది, ఇంతకు మించి నాకు తెలియదు, ఉద్యోగంలోంచి తీసేస్తే తీసేయండి గానీ అబద్ధం చెప్పానని మాత్రం రాయకండి.

"తప్పుల్లేవు," అంది. కాగితం తిరిగిస్తూ మళ్లీ అంది: "పోశయ్యన్నా, తప్పు నాది. ఆ కొత్త డ్రమ్ములు బాగున్నయని సంతకం పెట్టింది నేనే. దాంతోనే బ్యాచ్‌లు పోయినయి."

అతను నాళికలోని ఊదా వలయాన్ని వంగి చూశాడు. "గిదేనా?"

"గదే."

"పైన చెప్తవా?"

"రేపు చెప్త."

పోశయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. కిందినుంచి సైకిల్ స్టాండ్ తీసిన చప్పుడు వినిపించింది.

అయిదింటికి, అన్నింటికీ మామూలు చుక్కల కొలతే వేసి నాలుగు ఫ్లాస్కులు పెట్టింది. ఒకటి పాత పొడితో. రెండోది కొత్త పొడితో. మూడోది పాత పొడే, కానీ చిటికెడు ట్రిప్టోఫాన్ ఎక్కువ కలిపి. నాలుగోది పాత పొడితో, గ్లూకోజ్ రెట్టింపు చేసి. అచ్యుతరావు అడగబోయేది ఆమెకు తెలుసు.

గురువారం పొద్దున ఆరింటికల్లా వచ్చింది. కణాలను వడగట్టి, ఉడికించి, వాటి ప్రోటీన్లను, కరెంటుతో విడివిడి గీతలుగా వేరుచేసే జెల్ మీద పరుగెత్తించింది. పదకొండింటికి కరెంటు పోయింది. జెల్ సగంలో ఆగింది. జనరేటర్ ఫెర్మెంటర్‌కే తప్ప ల్యాబ్‌కు లేదు. ఇరవై నిమిషాలు ఆమె గడియారం వంక చూస్తూ నిలబడింది. కరెంటు వచ్చాక మిగతాది నడిపి, నీలిరంగులో ముంచి, కడగడం మొదలుపెట్టేసరికి ఒంటిగంటన్నర. అన్నం డబ్బా తెరవలేదు. రెండుంబావుకు పళ్లెంలో నీలం పలచబడి గీతలు తేలాయి. మొదటి వరసలో తమ ప్రోటీన్ దగ్గర వేలెడంత మందాన ముదురు నీలం గీత. రెండో దాంట్లో వెంట్రుకంత. మూడో దాంట్లో వెంట్రుకంత. నాలుగో దాంట్లో మళ్లీ వేలెడంత.

*

ఎండీ జనార్ధనరావు బల్ల మీద పోశయ్య సంజాయిషీ తెరిచి ఉంది. అచ్యుతరావు పక్కన కూర్చున్నాడు. పోశయ్య గోడకు ఆనకుండా నిలబడ్డాడు. సూర్యకళ తడి జెల్‌ను గాజుపలకల మధ్య, రెండు నాళికలను స్టాండులో పెట్టుకుని వచ్చింది.

"ఏమిటమ్మా ఇవి?" అన్నాడు ఎండీ.

ముందు పళ్లాల లెక్క చెప్పింది. తరవాత ఊదా వలయం. తరవాత జెల్ వెలుగుకు పట్టి చూపించింది. అచ్యుతరావు అనుకున్నట్టే అడ్డుపడ్డాడు.

"రిప్రెసర్ లేని బాక్టీరియా ఇది. నిన్ననే చెప్పాను."

"అవును సార్. రిప్రెసర్ లేదు, కానీ లీడర్ ఉంది. ఫైలులో పదకొండో పేజీ." ఆమె జెల్‌ను బల్ల మీద పెట్టింది. "ల్యాక్‌లో రెండో అడ్డు ఉండదు సార్. దీంట్లో ఉంది. ట్రిప్టోఫాన్ ఎక్కువైతే కాపీ మొదలవుతుంది కానీ మధ్యలో ఆగిపోతుంది. అందుకే మనకు సున్నా రావడం లేదు, ఎనిమిదో వంతు వస్తోంది. గ్లూకోజ్ రెట్టింపు చేసినా తగ్గలేదు, నాలుగో వరస చూడండి. పాత పొడిలోనే ట్రిప్టోఫాన్ కలిపితే తగ్గింది, మూడో వరస."

అచ్యుతరావు ఫైలు తెప్పించాడు. పదకొండో పేజీ తీసి నిదానంగా చదివాడు. ఆయన పేజీని రెండోసారి కూడా మొదటి నుంచి చదివాడు. తరవాత జెల్ మీదికి వంగి నాలుగు వరసలూ వేలితో లెక్కపెట్టాడు.

"కరెక్టే," అన్నాడు.

"ఈ పొడి లోపలికి ఎలా వచ్చింది? పరీక్ష చేసిందెవరు?" అడిగాడు ఎండీ.

"నేను సార్," అంది సూర్యకళ. "బూడిదలో తేడా చూశాను. ఎందుకని అడగలేదు. సమానమని రాసి సంతకం పెట్టాను. పోశయ్యన్న నురగ గురించి, వాసన గురించి గమనించాడు. మేమెవరమూ అతన్ని అడగలేదు."

జనార్ధనరావు అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు. సంజాయిషీ కాగితాన్ని పోశయ్య వైపు జరిపి, "ఇది నువ్వే ఉంచుకో. మెమో తీసేస్తున్నాం," అన్నాడు. ఆమెతో, "మీ సంగతి రేపు చెప్తాను," అన్నాడు.

మర్నాడు వచ్చిన కాగితంలో, ఆరు నెలల పాటు ముడిసరుకు మీద ఆమె సంతకం చెల్లదని, పర్మినెంట్ చేయడం అంతవరకూ వాయిదా అని ఉంది. ఉద్యోగం తీసేయలేదు. తీసేయవద్దని అచ్యుతరావే చెప్పాడని ఆఫీసులో అన్నారు. ఆయన మాత్రం ఆమెతో ఆ మాట ఎత్తలేదు. ఒకసారి ల్యాబ్‌లోకి వచ్చి, "పదకొండో పేజీ నేను చదవాల్సింది. ల్యాక్ కళ్లతోనే దీన్ని చూశాను," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆసిడ్‌తో విరిచిన పొడి తొమ్మిది రోజులకు వచ్చింది. పదో బ్యాచ్ డ్యూటీ పోశయ్యదే. పొద్దున ఏడింటికి ట్యాంకులో విత్తనంగా కొన్ని కణాలు వేశారు. పన్నెండింటికి సూర్యకళ మీటర్ చూస్తే, కణాలు పోయినసారి ఉన్నదాంట్లో సగం కూడా పెరగలేదు. ఇలా మెల్లగా పెరగడమే మంచి సూచన అని తెలుసు. అయినా భయం పోలేదు. సగం పెరుగుదలతో బ్యాచ్ పోతే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. మూడింటికి పోశయ్య చుక్కల పంపు తగ్గించాడు. సాయంత్రం ఆరింటికి గాలిగొట్టం దగ్గర నిలబడి వాసన పట్టి, "పాత లెక్కనే ఉన్నది," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

మర్నాడు పదింటికి ఫలితం వచ్చింది. మూడు వందల తొంభై.

ఆ అంకె పట్టుకుని ఆమె కిందికి పరుగెత్తింది. పోశయ్య ట్యాంకు కడుగుతున్నాడు. అంకె విని తల ఊపాడు. నవ్వలేదు. మెమో తీసేశారు గానీ, పొరపాటు పడ్డామని అతనితో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ మాట అచ్యుతరావు నోటి నుంచి వస్తుందని అతను ఎదురుచూస్తున్నాడని ఆమెకు తెలుసు. రాదని కూడా ఆమెకు అనిపిస్తోంది.

"పోశయ్యన్నా, ఇగ నుంచి కొత్త డ్రమ్ము ఏది వచ్చినా ముందు నువ్వే వాసన సూడాలె. ఫారంలో ఒక వరస పెట్టిన, నీ పేరుతోని."

"సంతకం గూడ నాదేనా?"

"నీదే."

అతను నీళ్ల పైపు కట్టేసి చేతులు తుడుచుకున్నాడు. "అయితే ముందు నాకు సమజ్ జెయ్యి. ఆ రెండో అడ్డు అంటివి సూడు, గది. తెల్వకుండ సంతకం పెట్ట నేను."

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని, ఫలితం కాగితం వెనక్కి తిప్పి, పొడవాటి గీత ఒకటి గీసింది.